‘బేటీ’ని ‘బిడ్డా’ చేసిన కథ: ఒక హిందీ యానిమేషన్‌కి నల్లగొండ తెలుగు కుదిర్చిన కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. పెదవుల కదలికకి మాట సరిపోయే లిప్ సింక్ కుదరకపోతే తప్పు ఫ్రేముల్లో ఉందని వెతుకుతాం, నోటి బొమ్మల్ని అటూ ఇటూ జరుపుతాం. ఈ ప్రాజెక్టులో మేము మూడు వారాలు అదే చేశాం. తీరా చూస్తే తప్పు మాటల్లో ఉంది. సంస్థ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఫ్రేముల లెక్కలు మాత్రం మా షీట్లలో రాసుకున్నవే.

పని ఎలా వచ్చింది

నేను నల్లగొండలో ఉంటూ 2డీ యానిమేషన్ పని చేస్తాను. ఎక్కువగా పాఠాల వీడియోలు, ఆరోగ్యం మీద చిన్న సినిమాలు. ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర ఫ్లోరైడ్ నీళ్ల మీద హిందీలో తీసిన సినిమా ఉంది, నిడివి 6 నిమిషాల 20 సెకన్లు. దాన్ని తెలుగులోకి మార్చి మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లల్లో, బడుల్లో చూపించాలని వాళ్ల ఆలోచన. కాళ్లు వంకరపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన ప్రాంతం కాబట్టి ఈ సినిమా ఎవరి కోసమో నాకు ఎవరూ వివరించాల్సిన అవసరం రాలేదు.

కథలో మాట్లాడేది ముగ్గురు: ఒక అవ్వ, ఆమె మనవరాలు, ఒక బడి సారు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. హిందీ లిప్ సింక్ చక్కగా చేశారు, సమస్య అక్కడే మొదలైంది. ఏదో నోరు తెరిచి మూసే బొమ్మ అయితే ఏ భాష పెట్టినా సర్దుకుపోతుంది, కానీ ‘పానీ’ అన్నప్పుడు పెదవులు సరిగ్గా ‘ప’ దగ్గర మూసుకునేలా వేసిన బొమ్మ మీద ‘నీరు’ అని వినిపిస్తే చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఏ ధ్వనికి ఏ నోటి బొమ్మ వేయాలో చూపే మౌత్ చార్టులో ఏడు నోళ్లున్నాయి. ప, బ, మలకి మూసిన నోరు. ఇ, ఈ, స, చ, తలకి పళ్లు దగ్గరగా ఉండి పక్కకి సాగిన నోరు. ఎ, ఏ, పొట్టి అకారానికి సగం తెరిచినది, ఆకారానికి పూర్తిగా తెరిచినది. ఒ, ఓలకి గుండ్రంగా, ఉ, ఊలకి ముందుకి ముడుచుకున్నట్టు. ఏడోది కింది పెదవి పై పళ్లని తాకే నోరు, అది ఫకి, కొంతవరకు వకి. క, గ, హ గొంతులో పుడతాయి, ట, డ, ణ నాలుక మడతలో పుడతాయి, బయటికి కనిపించవు, అందుకే వాటికి విడిగా నోరు ఉండదు, పక్కనున్న అచ్చు నోరే వాటికీ సరిపోతుంది.

మొత్తం 38 డైలాగులు. మొదటి రోజే కూర్చుని వాటిని మూడు కుప్పలు చేశాం, ఈ కేసులో మొదటి నుంచి సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. 11 డైలాగుల్లో నోరు కనిపించదు, మాట్లాడేవాళ్లు వెనక్కి తిరిగో ఫ్రేము బయటో ఉన్నారు. 14 దూరపు షాట్లు, వాటిలో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే కనిపిస్తుంది. 13 క్లోజప్పులు. ఆ 13లో తొమ్మిదింటికి అసలు ప్రాజెక్టు ఫైళ్లు దొరికాయి, అంటే నోటి పొరని విడిగా తీసి మార్చుకోవచ్చు. నాలుగింటికి మాత్రం రెండర్ చేసిన వీడియో తప్ప ఏమీ లేదు. ఆ నాలుగూ అవ్వవే.

మొదటిసారి ఏమైంది

హిందీ స్క్రిప్టుని ఒక టీచర్‌ గారితో తెలుగు చేయించాం. అర్థం పక్కాగా ఉంది, భాష పాఠ్యపుస్తకంలా ఉంది. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ ఆర్టిస్టుతో అవ్వ గొంతు రికార్డు చేయించి, ట్రాక్ తెచ్చి బొమ్మ కింద పరిచాం.

రెండు రకాల తేడా కనిపించింది. ఒకటి పొడవు. హిందీలో 2 సెకన్లలో అయిపోయిన మాట తెలుగులో 2.4, 2.5 సెకన్లు పట్టింది, అవ్వ నోరు మూసుకున్నాక కూడా గొంతు వినిపిస్తూ ఉంది. రెండోది, పొడవు సరిపోయిన చోట కూడా ఏదో కుదరలేదు. ఎవరో పక్కన నిలబడి అవ్వ తరఫున మాట్లాడుతున్నట్టుంది. సంస్థ వాళ్లు కూడా అదే అన్నారు: “అవ్వ మాట్లాడుతలేదు, ఎవరో సదివి వినిపిస్తున్నరు.”

ఆ రెండో మాట నేను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు. పొడవు సంగతి ముందు చూద్దామనుకున్నాను, ఎందుకంటే అది కొలవగలిగేది.

ట్రాక్‌ని నొక్కి చూడటం, టూల్‌కి అప్పజెప్పడం

పొడవు తగ్గించడానికి ఆడియోని శ్రుతి మారకుండా కుదించాం. ఐదు శాతం దాకా మా చెవికి తేడా తెలియలేదు. పన్నెండు శాతం దగ్గర అవ్వ ఆదరాబాదరాగా మాట్లాడుతున్నట్టయింది, ‘ప్ప’, ‘ద్దు’ లాంటి ఒత్తులు సగం మింగేసినట్టు వినిపించాయి. మాకు కావాల్సింది ఇరవై శాతం. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత ఫైళ్లున్న తొమ్మిది షాట్లలో నోళ్లని తెలుగుకి తగ్గట్టు మళ్లీ వేద్దామనుకున్నాం. మాతో పనిచేసే కుర్రాడు చురుకైనవాడు, ట్రాక్ వింటూ అక్షరానికి ఒక నోరు చొప్పున వేసుకుంటూ పోయాడు. ప్లే చేస్తే నోరు చేప నోరులా టపటపా కొట్టుకుంది. లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. మా ట్రాక్‌లో సెకనుకి ఆరేడు అక్షరాలు పలుకుతున్నాయి, అంటే ఒక్కో అక్షరానికి మూడున్నర నుంచి నాలుగు ఫ్రేములు. అందులో హల్లుకొకటి, అచ్చుకొకటి చొప్పున నోళ్లు వేస్తే కొన్ని ఒక్క ఫ్రేము మాత్రమే నిలబడతాయి. ఒక్క ఫ్రేము నోరు కంటికి నోరులా ఆనదు, అదురులా కనిపిస్తుంది.

రూబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత టూల్ కూడా వాడి చూశాం. అది మామూలుగా ఇంగ్లీషు మాటల్ని గుర్తుపట్టేలా ఉంటుంది, తెలుగు ట్రాక్‌ని అలాగే ఇస్తే లేని మాటలు ఊహించుకుని నోళ్లు పెడుతుంది. వేరే భాషలకి ధ్వనుల్ని మాత్రమే చూసే పద్ధతి ఒకటుంది, దాన్ని మనమే అడగాలి:

```
rhubarb -r phonetic -f json -o line07.json line07.wav
```

ఇలా చేశాక చాలా మెరుగైంది. మాట మొదలు, ఆగడం, పెద్ద ఆకారాలు బాగానే పట్టింది. పెదవులు మూసుకునే చోట్లు మాత్రం కొన్ని వదిలేసింది, కొన్ని లేని చోట పెట్టింది. చిత్తుప్రతిగా పనికొచ్చింది, అంతే. పైగా అసలు చిక్కు అయిన నాలుగు షాట్లకి ఇదేమీ చేయలేదు, అక్కడ నోరు మార్చే వీలే లేదు కదా.

సున్న దగ్గర దొరికిన మొదటి తాళం

కుర్రాడు వేసిన షాట్లలో ఒకటి మరీ ఇబ్బందిగా ఉంది. మనవరాలు ‘బిందె’ అంటుంది. చిన్న మాటే, నోరు రెండుసార్లు మూసుకుంటోంది. షీట్ చూస్తే బి దగ్గర మూసిన నోరు ఉంది, సున్న దగ్గర మళ్లీ మూసిన నోరు ఉంది. అడిగితే “సున్న అంటే మ్ కదన్నా” అన్నాడు.

రాతలో సున్న ఒకటే, నోట్లో అది తర్వాతి అక్షరాన్ని బట్టి మారిపోతుంది. ‘బిందె’లో ద ముందు వచ్చింది కాబట్టి న్ అవుతుంది, పెదవులు తాకవు. ‘కుంట’లో నాలుక మడత పడుతుంది, ‘వంకర’లో గొంతు వెనక పలుకుతుంది, రెండింటిలోనూ నోరు తెరిచే ఉంటుంది. ‘పంపు’లో ప ముందు ఉంది కాబట్టి నిజంగానే మ్, పెదవులు మూసుకుంటాయి. మాట చివర సున్న ఉండి అక్కడ ఆగితే, ‘పోదాం’ లాంటి చోట, పెదవులు దగ్గరపడతాయి, ఆగకుండా ఇంకో మాటలోకి జారిపోతే ఆ మాట మొదటి అక్షరం ఏదంటే అది. అద్దం ముందు నిలబడి ఈ మాటలు వరసగా అంటే నిమిషంలో తెలుస్తుంది. మా టేబుల్ మీద అప్పటినుంచి అద్దం ఉంది.

అదే రోజు ఒత్తుల సంగతీ తేలింది. ‘అమ’, ‘అమ్మ’ రెండింటిలోనూ నోరు ఒకసారే మూసుకుంటుంది, కానీ ‘అమ్మ’లో ఎక్కువసేపు మూసి ఉంటుంది. మా ట్రాక్‌లో వేవ్‌ఫామ్ చూసి కొలిస్తే ఒంటి మకారం రెండు ఫ్రేములు, ‘మ్మ’ నాలుగైదు. దాన్ని కూడా రెండు ఫ్రేములకే వేస్తే ఆ మాట బరువు పోతుంది.

అప్పటినుంచి డైలాగ్‌ని ఫ్రేముల వారీగా విడగొట్టుకునే బ్రేక్‌డౌన్ పద్ధతి మార్చాం. ముందు ట్రాక్ వింటూ షీట్‌లో ప, బ, మలు ఎక్కడున్నాయో అవి మాత్రమే గుర్తు పెడతాం. తర్వాత బాగా తెరుచుకునే ఆకారాలు, ముడుచుకునే ఊ, ఓలు. మిగతా అంతా వాటి మధ్య సర్దుబాటు. ఏ నోరూ రెండు ఫ్రేములకి తక్కువ ఉండకూడదు. జాగా లేకపోతే ముందు పోవాల్సింది త, ద లాంటి హల్లు నోరు, పెదవుల మూత మాత్రం ఎప్పుడూ పోకూడదు.

మాట చివర ఉకారం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగులో ‘నీళ్లు’, ‘వాళ్లు’, ‘పాలు’, ‘తాగొద్దు’ అంటూ లెక్కలేనన్ని మాటలు ఉతో ముగుస్తాయి. ప్రతి ఉకి ముడుచుకున్న నోరు పెడితే మనిషి మాటమాటకీ ముద్దు పెడుతున్నట్టుంటుంది. నిజంగా మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉ చాలా తేలిక, పెదవులు కొద్దిగా దగ్గరపడతాయి తప్ప ముందుకి రావు. మేము దానికి పళ్లు దగ్గరగా ఉన్న నోరునే వాడి, ముడుచుకున్న నోరుని ‘ఊరు’, ‘ముట్టొద్దు’ లాంటి మాటల మొదట్లో వచ్చే ఉ, ఊలకి ఉంచాం.

ఇవన్నీ చేశాక మనవరాలి షాట్లు, సారు షాట్లు చాలావరకు కుదిరాయి. అవ్వ మాత్రం ఇంకా వేరేవాళ్ల గొంతుతోనే మాట్లాడుతోంది.

మాట మార్చాలని ఎందుకనుకున్నాం

అవ్వ క్లోజప్పుల్ని సౌండ్ తీసేసి చూడటం మొదలుపెట్టాను. మూగ బొమ్మని ఫ్రేము ఫ్రేముకీ జరుపుతూ పెదవులు ఎక్కడ మూసుకున్నాయి, ఎక్కడ బాగా తెరుచుకున్నాయి, చివర ఏ ఆకారంలో ఆగాయి అని రాసుకున్నాను. హిందీ ఏమంటోందో పక్కన పెట్టి, ఈ నోరు తెలుగులో ఏమనగలదు అని చూశాను.

ఒక షాట్ హిందీలో ఇలా ఉంది: “బేటీ, యే పానీ మత్ పీనా.” 48 ఫ్రేములు, సరిగ్గా 2 సెకన్లు. నాలుగు మూతలు: బే మూడో ఫ్రేములో, పా పదిహేనులో, మ ఇరవై అయిదులో, పీ ముప్పై మూడులో. చివర నోరు ఆకారంతో పెద్దగా తెరుచుకుని 46 దాకా నిలబడుతుంది.

మా మొదటి తెలుగు: “అమ్మాయీ, ఈ నీరు త్రాగవద్దు.” ఒక్కటే మూత, అదీ తప్పు చోట. చివర ఆ ఉండాల్సిన చోట ఉ. మిగిలిన మూతల దగ్గర అవ్వ పెదవులు మూసుకుంటే గొంతు ‘నీ’ అనో ‘గ’ అనో అంటోంది. ఇన్నాళ్లూ అవ్వ మాట్లాడుతున్నట్టు అనిపించకపోవడానికి ఇదే కారణం. ఇక్కడ ఫ్రేములు ఎంత జరిపినా లాభం లేదు, లేని పకారాన్ని ఎక్కడికని జరుపుతాం?

మా అమ్మ ఈ మాట మనవరాలితో ఎలా అంటుందో అనుకుని చూశాను. ‘త్రాగవద్దు’ అనదు. ‘బిడ్డా’ అని మొదలుపెడుతుంది. అక్కడికే మొదటి బ దొరికింది. రెండు మూడు రోజులు రకరకాలుగా అనుకున్నాక నిలిచిన మాట ఇది: “బిడ్డా, గీ పాడు బోరొద్దమ్మా.”

పక్కపక్కన పెట్టి చూడండి. బేటీకి బిడ్డా. యేకి గీ. పానీ మొదటి ‘పా’కి పాడులో ‘పా’, అదే అక్షరం, అదే దీర్ఘం. మత్‌కి బో. పీనాకి మ్మా. నాలుగు మూతలకి నాలుగు మూతలు, చివర ఆకి ఆ. మొత్తం తొమ్మిది అక్షరాలు, హిందీలో ఎనిమిది. ఇరుకు ఒక్కచోటే ఉంది: బో నుంచి మ్మా దాకా ఎనిమిది ఫ్రేముల్లో మూడు అక్షరాలు పడాలి, కొంచెం వేగం. అందుకు ‘పాడు’ని కాస్త సాగదీసి, ‘బోరొద్ద’ని ఒక ఊపులో అనమన్నాం, కోపంతో అనే మాట కాబట్టి అది సహజంగానే వచ్చింది. ఈ షాట్‌కి ఫైలు ఉంది, కాబట్టి చివరి మూతని రెండు ఫ్రేముల నుంచి నాలుగుకి పెంచి ‘మ్మ’ బరువు ఇచ్చాం. నోటి బొమ్మల్లో మేము మార్చింది అంతే.

అర్థం కొంచెం మారింది కదా అని సంస్థ వాళ్లు అడిగారు. నిజమే, ‘తాగొద్దు’ అన్న మాట పోయింది. కానీ బొమ్మలో మనవరాలి చేతిలో గ్లాసు ఉంది, అవ్వ చేయి అడ్డంపెడుతోంది, ఏం వద్దంటోందో బొమ్మే చెబుతోంది. బొమ్మ చెప్పేదాన్ని డైలాగ్ మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ జాగాని పెదవుల కోసం వాడుకోవచ్చు.

ఇంకొక లాభం నేను ముందు ఊహించలేదు. హిందీ క్రియలు చాలావరకు ఆతో ముగుస్తాయి: పీనా, కహా, థా. పుస్తకాల తెలుగులో ‘అన్నాను’, ‘వెళ్లాను’ అంటే ఉతో ముగుస్తాయి. మన దగ్గర ‘అన్న’, ‘పోయిన’ అంటాం, అతో ముగుస్తాయి, ‘అన్న’లో ఒక అక్షరం తక్కువ కూడా. అవ్వ ఒకచోట “మైనే కహా థా” అంటుంది. “నేను చెప్పాను” అని పెడితే మొదట్లో మూత లేదు, నోరు తెరిచి ఉన్న ‘కహా’ దగ్గర ‘ప్ప’ వచ్చి పడుతుంది, చివర ఉ. “మొన్ననే అన్న” అంటే? మైకి మొ, నేకి న్న, తర్వాత నే, అన్, న. అయిదు అక్షరాలకి అయిదు, మొదట మూత, చివర తెరిచిన నోరు. ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోలేదు. పొడవు తగ్గించడానికి ఆడియోని నొక్కాల్సిన పని కూడా దాదాపు అన్ని డైలాగుల్లో ఇలాగే పోయింది, ‘వస్తున్నాను’ బదులు ‘వస్తున్న’, ‘చేస్తున్నారు’ బదులు ‘చేస్తున్రు’ అనేసరికి పట్టే సమయమే తగ్గింది.

కదలని షాట్లో ఫకారం

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది రెండర్ మాత్రమే ఉన్న షాట్లలో ఒకటి. అవ్వ గట్టు మీద కూర్చుని, నెమ్మదిగా అంటుంది: “ఇస్‌మే ఫ్లోరైడ్ హై.” 36 ఫ్రేములు. తొమ్మిదో ఫ్రేములో మే మూత. పదిహేడులో కింది పెదవి పై పళ్ల కిందికి వెళ్లి మూడు ఫ్రేములు ఉంటుంది, స్పష్టంగా ఫ. ముఖం తెర నిండా ఉంది.

మొదట ‘ఫ్లోరైడ్’ మాటని అలాగే ఉంచుదామనుకున్నాం, ఎలాగూ రెండు భాషల్లోనూ అదే మాట. సారు డైలాగుల్లో ‘మిల్లీగ్రామ్’ లాంటి మాటలు అలా ఉచితంగానే కుదిరాయి. కానీ కొత్తగా అవ్వ గొంతుకి తీసుకున్న పెద్దామె, ఊళ్లల్లో నాటకాలు వేసిన మనిషి, ఆ మాటని ‘ప్లోరిన్’ అంది. ఈ వైపు పెద్దవాళ్లు చాలామంది అలాగే అంటారు. అక్కడ పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, బొమ్మలో పళ్లు కనిపిస్తున్నాయి. ఫ అనమని అడిగితే అంది, కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆమె అవ్వ కాకుండా పోయింది. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాం.

తెలుగులో ఆ పళ్ల నోటికి సరిపోయేది వ. మొదట “గిది మొత్తం విషం గదా” అని రాశాను. మొ దగ్గర మూత కుదిరింది, వి దగ్గర పళ్లు కుదిరాయి, ‘విషం గదా’లో సున్న గ ముందు ఉంది కాబట్టి మూత లేదు, చివర తెరిచిన నోరు. సింక్ పరంగా ఏ వంకా లేదు. సంస్థలో ఉన్న డాక్టర్ ఒప్పుకోలేదు. విషం అంటే ఒక గ్లాసు తాగితే చచ్చిపోతారనుకుంటారు, ఇది ఏళ్ల తరబడి ఒంట్లో చేరుతూ పళ్లనీ ఎముకలనీ పాడుచేసేది, రేపు ఒక పిల్లవాడు తాగి ఏమీ కాకపోతే మీ సినిమా అబద్ధమవుతుంది అన్నారు. ఆయన మాట సరైనదే. పెదవులకి కుదిరిందని తప్పు సంగతి చెప్పలేం, ఆ డైలాగ్ తీసేశాను.

మళ్లీ షీట్ ముందు కూర్చున్నాను. మొదట రెండు అక్షరాలు, తొమ్మిదిలో మ, పదిహేడులో వ, తర్వాత మూత ఉండకూడదు. బొమ్మలో అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది, కాళ్లు ముందుకి చాపి. ఆ కాళ్లని చూస్తుంటేనే మాట వచ్చింది: “దీంతో మా వంకర కాళ్లు.”

దీం-తో ఎనిమిది ఫ్రేముల్లో, నెమ్మదిగా. మా తొమ్మిదిలో. వం పదిహేడులో, పళ్ల నోటి మీద. అక్కడినుంచి ‘వంకర కాళ్లు’ అయిదు అక్షరాలకి ఇరవై ఫ్రేములు, ఒక్కోదానికి నాలుగు. రెండు సున్నల్లో ఒక్కటీ పెదవుల్ని మూయదు. చివర ‘హై’ దగ్గర సాగిన నోటి మీద ‘ళ్లు’ తేలిగ్గా వెళ్లిపోయింది. ‘ఫ్లోరైడ్’ అన్న మాటని తర్వాతి షాట్లో సారుకి ఇచ్చాం, ఆ షాట్‌కి ఫైలు ఉంది, ఫ నోరు వేసుకోగలిగాం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదన్న లెక్క కూడా ఆయనే చెబుతాడు.

రికార్డింగ్ అప్పుడు ఆ పెద్దామెకి కాగితం ఇవ్వలేదు. తెర మీద షాట్‌ని మళ్లీ మళ్లీ తిప్పుతూ, డైలాగ్ నేను అని వినిపించి, ఆమెని అవ్వ పెదవులు చూస్తూ అనమన్నాం. మూడు నాలుగు సార్లకి పట్టేసింది. “దీంతో మా వంకర కాళ్లు” దగ్గర ఆమె ‘మా’ని మేము అనుకున్నదానికంటే ఎక్కువ సాగదీసింది. అది లెక్కకి రెండు ఫ్రేములు ఆలస్యం, అలాగే ఉంచాను.

ఎంత తేడా దాకా పరవాలేదు

ఆ రెండు ఫ్రేముల్ని ఎందుకు వదిలేశానో చెప్పాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ టీవీ ప్రసారాల కోసం ఇచ్చిన బీటీ.1359 సిఫార్సు ప్రకారం, శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషికి తెలుస్తుంది, వెనకబడితే మాత్రం సుమారు 125 దాకా తెలియదు. మన లెక్కలో ముందైతే ఒక ఫ్రేము, ఆలస్యమైతే మూడు. దూరంగా చాకిరేవులో బట్ట బండకి తగలడం ముందు కనిపించి తర్వాత చప్పుడు వినిపించడం మనకి అలవాటే, చప్పుడు ముందు రావడం ఎక్కడా చూడం. అందుకే అనుమానం ఉన్నచోట నోరుని ముందు, మాటని వెనక పెడతాం. మేము వేసిన షాట్లన్నిటిలో మూసిన నోరు ప వినిపించడానికి ఒక ఫ్రేము ముందే ఉంటుంది. నిజంగా కూడా అంతే, పెదవులు ముందు మూసుకోకుండా ప పలకదు.

తేడా ఎటు పోతోందో చూడటం కూడా అవసరం. డైలాగ్ మొత్తం ఒకే కొలతలో ముందో వెనకో ఉంటే ట్రాక్‌ని జరిపితే సరిపోతుంది. మొదట బాగుండి, సినిమా నడిచేకొద్దీ తేడా పెరుగుతుంటే మాటల తప్పు కాదు, ఎక్కడో 24 ఫ్రేముల బొమ్మనీ 25 ఫ్రేముల కాపీనీ కలిపేశారని అర్థం. డైలాగ్ మధ్యలో మాత్రమే, అక్కడక్కడా చెడితే అప్పుడు మూతలు చూడాలి.

ఇప్పుడు పని ఎలా చేస్తున్నాం

ఆ కేసు తర్వాత డబ్బింగ్ పని వస్తే స్క్రిప్టు ముందు అనువాదానికి ఇవ్వడం లేదు. ముందు మూగ బొమ్మ చూసి మూతల షీట్ తయారుచేస్తాం, నోరు కనిపించని డైలాగుల్ని పక్కకి తీసి వాటిలో పూర్తి అర్థం చెప్పుకుంటాం, క్లోజప్పుల్లో పోయిన సమాచారం వాటిలోకి చేరుతుంది. అనువాదం చేసేవాళ్లకి స్క్రిప్టుని షీట్‌తో పాటు ఇస్తాం: ఇక్కడ మ, ఇక్కడ వ, చివర తెరిచిన నోరు, ఇన్ని అక్షరాలు. మొదట్లో అది ఛందస్సులా ఉందని ఆ టీచర్‌ గారు అన్నారు, ఇప్పుడు మాకంటే బాగా రాస్తున్నారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. సారు పాత్ర బడి తెలుగే మాట్లాడాలి, అక్కడ ‘అన్న’, ‘పోయిన’ పెట్టలేం, అందుకే సారు షాట్లలో నోళ్లే ఎక్కువ మార్చాల్సి వచ్చింది. రెండర్ షాట్లు నాలుగింటిలో మూడు కుదిరాయి, నాలుగోది కుదరలేదు. అందులో అవ్వ ఒకే ఊపిరిలో మ, ప, బలు అయిదు వరసగా అంటుంది, వాటికి సరిపోయే తెలుగు ఏది రాసినా నాలుక తిప్పే ఆటలా తయారైంది. ఆ డైలాగ్ మధ్యలో మనవరాలు వింటున్న షాట్‌ని తెచ్చి 30 ఫ్రేములు అతికించాం, అవ్వ మాట ఆ పిల్ల ముఖం మీద నడుస్తుంది.